రెండు రెప్లికాల మధ్య లింక్ తెగినప్పుడు: క్యాప్ సిద్ధాంతం నిజంగా ఏం చెబుతుంది

ప్రశ్న: సర్, నేను బీటెక్ మూడో సంవత్సరం. క్యాప్ సిద్ధాంతం అంటే "కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ, పార్టిషన్ టాలరెన్స్, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి" అని నోట్స్‌లో ఉంది. కానీ రెండే సర్వర్లు ఉన్నప్పుడు, మధ్యలో లింక్ పోయినా తెలివైన ఆల్గారిథం రాసి రెండింటి చేతా సరైన జవాబు ఎందుకు చెప్పించలేం? మామూలు డేటాబేస్‌లకు మొదటి రెండూ ఉంటాయని వాటిని "సీఏ" అంటారు కదా, అదెలా?

జవాబు:

ఎంత తెలివైన ఆల్గారిథం రాసినా కుదరదు. లింక్ తెగాక అవతలి వైపు ఏం జరిగిందో తెలుసుకునే దారే ఒక సర్వర్‌కి ఉండదు. తెలియని విషయం మీద ఆగకుండా జవాబు చెప్పమంటే అది పాతది చెప్పే ప్రమాదం ఉంటుంది, తప్పు చెప్పకూడదంటే ఆగాల్సి వస్తుంది. నిరూపణ కూడా దాదాపు ఇంతే. ఒక్కసారి చేత్తో నడిపించి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

ఒక బస్సు టికెట్ల సైటు ఉందనుకుందాం. దాని డేటాకి రెండు కాపీలు, ఒకటి హైదరాబాద్ డేటా సెంటర్లో, ఇంకొకటి ముంబైలో. మనకు సంబంధించింది ఒకే ఒక్క విలువ: ఈ రాత్రి బస్సులో 14వ నంబరు సీటు. అది 'ఖాళీ' అయినా అయి ఉండాలి, 'బుక్' అయినా అయి ఉండాలి. మొదట రెండు చోట్లా 'ఖాళీ' అనే ఉంది. రమ్య రిక్వెస్టులు హైదరాబాద్ నోడ్‌కి వెళ్తాయి, సలీం రిక్వెస్టులు ముంబై నోడ్‌కి వెళ్తాయి.

ముందు ఆ మూడు మాటల అర్థం సరిచేసుకోవాలి. చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది, ఎందుకంటే సిద్ధాంతంలో ఈ మాటలకు చాలా ఇరుకైన అర్థాలున్నాయి. కన్సిస్టెన్సీ అంటే ఇక్కడ లీనియరైజబిలిటీ. ఒక రైట్ పూర్తయిందని క్లయింట్‌కి జవాబు వెళ్ళాక మొదలైన ఏ రీడ్ అయినా, ఏ కాపీ దగ్గరికి వెళ్ళినా, ఆ విలువనో అంతకన్నా కొత్త విలువనో చూపించాలి. బయట నుంచి చూసేవాళ్ళకి ఒకే కాపీ ఉన్నట్టు అనిపించాలన్నమాట. డీబీఎంఎస్ పేపర్లో ఏసిడ్ అని చదివిన కన్సిస్టెన్సీ ఇది కాదు. అక్కడ దాని అర్థం కన్‌స్ట్రెయింట్లు చెడకపోవడం.

అవైలబిలిటీ అంటే పాడవకుండా నడుస్తున్న ప్రతి నోడ్ తన దగ్గరికి వచ్చిన ప్రతి రిక్వెస్టుకీ జవాబివ్వడం. "తర్వాత ప్రయత్నించండి" అనే ఎర్రర్ జవాబు కిందకి రాదు. కంపెనీలు చెప్పుకునే 99.99 శాతం అప్‌టైమ్‌తో దీన్ని కలపకండి. సిద్ధాంతంలో శాతాలు లేవు. నడుస్తున్న ఒక్క నోడ్ ఒక్క రిక్వెస్టుని తిప్పి పంపినా ఆ సిస్టమ్ అవైలబుల్ కాదు.

ఇక పార్టిషన్ టాలరెన్స్. నోడ్ల మధ్య మెసేజీలు ఎన్నైనా పోవచ్చు, అయినా సిస్టమ్ ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి అని దీని అర్థం. మిగతా రెండూ మన సిస్టమ్ ఇచ్చే హామీలు. ఇది మాత్రం నెట్‌వర్క్ మన మీద పడేసే పరిస్థితి. ఈ తేడా గుర్తుంచుకోండి, "సీఏ" దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు లింక్ తెంపుదాం. సరిగ్గా పది గంటలకి హైదరాబాద్, ముంబై నోడ్ల మధ్య దారి పోయింది. రెండు నోడ్లూ బాగానే నడుస్తున్నాయి, రమ్య హైదరాబాద్ నోడ్‌ని చేరుకోగలదు, సలీం ముంబై నోడ్‌ని చేరుకోగలడు. ఆ రెండు నోడ్లే ఒకదాన్నొకటి చేరుకోలేవు.

10:01కి రమ్య 14వ సీటు బుక్ చేసింది. అవైలబిలిటీ కావాలన్నాం కాబట్టి హైదరాబాద్ నోడ్ జవాబు ఇచ్చి తీరాలి. ముంబైకి మెసేజ్ పంపి రసీదు కోసం ఎంతసేపు చూసినా రాదు, లింక్ ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు కూడా. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ముంబై నుంచి ఏమీ వినకుండానే "బుక్ అయింది" అని చెప్పాలి. 10:02కి చెప్పేసిందనుకోండి. 10:03కి సలీం ముంబై నోడ్‌ని అడిగాడు: 14 ఖాళీయేనా?

ఇక్కడ ముంబై నోడ్ స్థానంలో నిలబడి చూడండి. దాని డిస్క్‌లో 14కి ఎదురుగా 'ఖాళీ' అని ఉంది. పది గంటల తర్వాత హైదరాబాద్ నుంచి ఒక్క మెసేజ్ రాలేదు. ఇప్పుడు ఇంకో లోకం ఊహించండి. అందులోనూ లింక్ పదింటికే తెగింది, కానీ రమ్య అసలు సైటుకే రాలేదు. ఆ లోకంలో 10:03కి ముంబై నోడ్ దగ్గర ఏముంటుంది? డిస్క్‌లో అదే 'ఖాళీ', హైదరాబాద్ నుంచి అదే నిశ్శబ్దం. బిట్టు బిట్టు పోల్చినా రెండు లోకాల్లో ముంబై నోడ్ పరిస్థితి ఒక్కటే. ప్రోగ్రామ్ ఒకటే, దానికి అందిన ఇన్‌పుట్ ఒకటే, కాబట్టి ఇచ్చే జవాబూ ఒకటే అవుతుంది. రెండో లోకంలో సరైన జవాబు 'ఖాళీ', అది తప్ప ఇంకేం చెప్పినా తప్పు. కాబట్టి మొదటి లోకంలో కూడా 'ఖాళీ' అనే చెబుతుంది. అక్కడ రమ్య బుకింగ్ నిమిషం క్రితమే పూర్తయింది. కన్సిస్టెన్సీ పోయింది.

ఈ నిరూపణలో ఆల్గారిథం లోపల ఏముందని మనం ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఏ ఆల్గారిథం తెచ్చినా ఇది వర్తిస్తుంది. ఎరిక్ బ్రూవర్ 2000లో పీఓడీసీ సదస్సు ప్రసంగంలో దీన్ని ఒక ఊహగా చెప్పారు. 2002లో సెత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించారు. వాళ్ళ వాదన కూడా ఇదే తీరు: నోడ్లను రెండు గుంపులు చేసి, మధ్య మెసేజీలన్నీ పోగొట్టి, ఒక వైపు రైట్, రెండో వైపు రీడ్ చేయడం.

ఇది విన్న విద్యార్థులు సాధారణంగా కొన్ని దారులు సూచిస్తారు. మీకూ వచ్చే ఉంటాయి.

ముంబై నోడ్ రీడ్‌లకు తను జవాబు చెప్పకుండా హైదరాబాద్‌కి పంపించేస్తే? లింక్ లేదు కదా, సలీం అలాగే ఎదురు చూస్తుంటాడు. అవైలబిలిటీ పోయింది. లింక్ పోగానే హైదరాబాద్ నోడ్ బుకింగులు ఆపేస్తే? ఈసారి రమ్యకి అవైలబిలిటీ పోయింది. గడియారాలు కచ్చితంగా కలిపి పెట్టుకుంటే? గడియారం ఇప్పుడు టైమెంతో చెబుతుంది, హైదరాబాద్‌లో ఎవరు ఏం బుక్ చేశారో చెప్పదు. రెండో లింక్ వేస్తే? తప్పకుండా వేయాలి, దానితో పార్టిషన్లు అరుదవుతాయి. కానీ అది కూడా నెట్‌వర్కే, రెండూ ఒకేసారి పోయే రోజు వస్తుంది. ఆ రోజు మీ కోడ్ ఏం చేస్తుందన్నదే సిద్ధాంతం అడిగే ప్రశ్న.

వీటన్నిటిలోకీ బాగా ఆలోచించిన దారి లీజు. హైదరాబాద్ నోడ్‌కి పది సెకన్ల హక్కు ఇస్తాం, ఆ పది సెకన్లు అది ఒక్కటే బుకింగులు తీసుకుంటుంది, గడువు ముగిసేలోపు ముంబైతో మాట్లాడి రెన్యూ చేసుకోవాలి. రెన్యూ కాకపోతే అది తనంతట తాను ఆగిపోతుంది, గడువు దాటాక ముంబై తీసుకుంటుంది. నిజమైన సిస్టమ్స్‌లో ఇది బాగా వాడతారు, గడియారాల వేగాల్లో తేడా ఒక హద్దులో ఉన్నంతవరకు కన్సిస్టెన్సీ కూడా నిలుస్తుంది. కానీ గడువు ముగిసేవరకు ముంబై నోడ్ బుకింగులకు జవాబివ్వదు, ముగిశాక హైదరాబాద్ నోడ్ ఇవ్వదు. ఏ క్షణంలో చూసినా ఒకటి నోరు మూసుకునే ఉంది. ఇబ్బందిని ఎవరికి, ఎంతసేపు పంచాలో లీజు నిర్ణయిస్తుంది, తీసేయదు.

ఇంకో చిక్కుంది. పైన మనం "పదింటికి లింక్ తెగింది" అన్నాం, కానీ ఆ సంగతి నోడ్లకి ఎవరు చెబుతారు? ముంబై నుంచి రసీదు రాలేదంటే లింక్ తెగి ఉండొచ్చు, ముంబై మెషీన్ ఆగిపోయి ఉండొచ్చు, జావా ప్రాసెస్ గార్బేజ్ కలెక్షన్‌లో కొన్ని సెకన్లు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా స్విచ్‌లో ప్యాకెట్లు క్యూ కట్టి ఉండొచ్చు. హైదరాబాద్ నుంచి చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ప్రతి సిస్టమ్‌లోనూ ఎక్కడో ఒక టైమౌట్ ఉంటుంది. క్యాప్ సిద్ధాంతం మీ కోడ్‌లో కనిపించేది సరిగ్గా ఆ టైమౌట్ దగ్గరే. అది మోగినప్పుడు మీ కోడ్‌కి రెండే దారులు: ఎర్రర్ ఇవ్వడం లేదా ఇంకా ఆగడం ఒకటి, అవతలి వాళ్ళ మాట లేకుండా ముందుకెళ్ళడం రెండోది. ఏ డేటాబేస్‌ని అర్థం చేసుకోవాలన్నా నేను ముందు వెతికేది ఈ టైమౌట్ తర్వాత నడిచే కోడ్‌నే.

దీన్ని మీ ల్యాప్‌టాప్‌లోనే చూడొచ్చు. డాకర్‌లో `capnet` అనే నెట్‌వర్క్ చేసి, దాని మీద రెండు పోస్ట్‌గ్రెస్ కంటెయినర్లు పెట్టండి: రైట్‌లు తీసుకునే ప్రైమరీ `hyd`, దాని మార్పులను కాపీ చేసుకునే స్టాండ్‌బై `mum`. ప్రైమరీలో `no`, `status` కాలమ్‌లతో `seats` టేబుల్ చేసి, 14వ సీటుని ఖాళీగా చేర్చండి. స్ట్రీమింగ్ రెప్లికేషన్ సెట్ చేయండి. స్టాండ్‌బై కనెక్షన్‌లో `application_name` కూడా `mum` అనే ఇవ్వండి. తర్వాత ప్రైమరీలో ఈ రెండు సెట్టింగులు పెట్టాలి:

```
synchronous_standby_names = 'mum'
synchronous_commit = remote_apply
```

అంటే ముంబై ఆ మార్పును తన కాపీలో అమలు చేశానని చెప్పేవరకు హైదరాబాద్ "కమిట్ అయింది" అనదు. ఇప్పుడు లింక్ తెంపి, ప్రైమరీలో సీటు బుక్ చేయండి:

```
docker network disconnect capnet mum
```

```
UPDATE seats SET status = 'booked' WHERE no = 14;
```

ప్రాంప్ట్ తిరిగి రాదు. ఇంకో సెషన్ తెరిచి `pg_stat_activity` చూస్తే ఆ క్వెరీ పక్కన `wait_event` కింద `SyncRep` అని కనిపిస్తుంది. నిమిషమైనా, గంటైనా అలాగే ఉంటుంది. ఇది కన్సిస్టెన్సీని ఎంచుకుని రైట్‌ని ఆపడం. ఈ సమయంలో `docker exec` తో `mum` లోకి వెళ్ళి 14వ సీటు చూడండి, పాత విలువే, అంటే ఖాళీ అనే కనిపిస్తుంది. ఇది తప్పా? కాదు. బుకింగ్ ఇంకా పూర్తవలేదు, రమ్యకి ఎవరూ "అయింది" అని చెప్పలేదు. పూర్తికాని రైట్ నడుస్తుండగా వచ్చిన రీడ్ పాత విలువ ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో వేరే సెషన్ నుంచి చూసినా ఇంకా ఖాళీ అనే ఉంటుంది. కాబట్టి "కన్సిస్టెన్సీని ఎంచుకుంటే సైటు మొత్తం పడిపోతుంది" అనుకోవద్దు. ఇక్కడ రీడ్‌లు రెండు వైపులా నడుస్తున్నాయి, ఆగింది రైట్ ఒక్కటే.

ఇప్పుడు ఓపిక నశించి ఆ సెషన్‌లో కంట్రోల్-సి కొట్టండి. ఇది వస్తుంది:

```
WARNING:  canceling wait for synchronous replication due to user request
DETAIL:  The transaction has already committed locally, but might not have been replicated to the standby.
```

ఈ రెండు లైన్లు నిదానంగా చదవండి. మీరు ఆపింది బుకింగ్‌ని కాదు, ఎదురుచూపుని. బుకింగ్ హైదరాబాద్ డిస్క్‌లో ముందే పడిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో 14 బుక్ అయినట్టు, ముంబైలో ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. పైన కాగితం మీద వేసుకున్న బొమ్మ అచ్చంగా తెర మీద ఉంది. అప్లికేషన్ కోడ్‌లో చాలామంది వార్నింగ్‌లను పట్టించుకోరు. క్వెరీ టైమౌట్ పెట్టి, అది మోగితే "బుకింగ్ విఫలమైంది" అని యూజర్‌కి చూపిస్తారు, కానీ సీటు పోయి ఉంటుంది. ఈ పరిస్థితిలో నిజాయితీగా చెప్పగలిగే జవాబు "అయిందో లేదో ఇంకా తెలియదు" అన్నదే. తర్వాత బుకింగ్ ఐడీతో వెతికి తేల్చుకునే ఏర్పాటు ఉండాలి. ప్రతి బుకింగ్‌కీ క్లయింట్ వైపే ఐడీ తయారుచేసి పంపడం అందుకే మంచి పద్ధతి: మళ్ళీ ప్రయత్నించినా రెండో సీటు పోదు.

ఒక చిన్న హెచ్చరిక. ఈ సెట్టింగులతో పోస్ట్‌గ్రెస్ పూర్తి లీనియరైజబుల్ అయిపోదు. ముంబై మార్పును అమలు చేసి, దాని రసీదు దారిలో ఉండగా చూస్తే, కొత్త విలువ ముందు ముంబైలో కనిపిస్తుంది, హైదరాబాద్‌లో ఇంకా పాతదే ఉంటుంది. ముంబైలో కొత్తది చూసి వెంటనే హైదరాబాద్‌లో చదివితే పాతది రావచ్చు. మన ప్రయోగానికి ఇది అడ్డు కాదు, కానీ పరీక్షలో "సింక్రనస్ రెప్లికేషన్ అంటే లీనియరైజబిలిటీ" అని రాయకండి.

రెండో దారి చూద్దాం: లింక్ లేకపోయినా రెండు నోడ్లూ బుకింగులు తీసుకుంటాయి. 10:02కి రమ్యకి 14 దొరికింది, 10:04కి సలీంకి కూడా 14 దొరికింది. ఇద్దరి దగ్గరా టికెట్ ఉంది. 10:30కి లింక్ వచ్చింది. ఇప్పుడు రెండు కాపీల్ని కలపాలి. చాలా సిస్టమ్స్‌లో దొరికే సులువైన పద్ధతి, ఎవరి టైమ్‌స్టాంప్ కొత్తదైతే వాళ్ళది ఉంచడం. కసాండ్రా అనే డేటాబేస్ మామూలు రైట్‌లకు చేసేది ఇదే. సలీంది ఉంటుంది, రమ్య బుకింగ్ చప్పుడు లేకుండా చెరిగిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో కూడా సాధారణంగా ఏమీ కనిపించదు. రమ్యకి తెలిసేది బస్సెక్కాకే. ఆపైన ముంబై గడియారం నాలుగు నిమిషాలు వెనకపడి ఉంటే, తర్వాత బుక్ చేసిన సలీందే పోతుంది.

అంటే అవైలబిలిటీని ఎంచుకోవడం తప్పని కాదు. కలపడానికి అర్థవంతమైన పద్ధతి ఉన్న డేటాకి అదే సరైనది. అమెజాన్ 2007లో డైనమో అనే తన డేటా స్టోర్ గురించి రాసిన పేపర్లో షాపింగ్ కార్ట్ ఉదాహరణ ఉంది. రెండు కాపీల్లో వేర్వేరు వస్తువులు చేరితే రెండింటినీ కలిపేస్తారు, చేర్చిన వస్తువు ఏదీ పోదు. తీసేసిన వస్తువు మళ్ళీ కనిపించే అవకాశం మాత్రం ఉందని అదే పేపర్ ఒప్పుకుంది. కస్టమర్ దాన్ని మళ్ళీ తీసేస్తాడు, నష్టం లేదు. 14వ సీటుని అలా కలపలేం, అది ఒకరికే పడుతుంది. కాబట్టి ఎంపిక సిస్టమ్ మొత్తానికి ఒకటే చేయనక్కర్లేదు. అదే బస్సు సైటులో టైమింగులు, ఫొటోలు, రివ్యూలు పాతవి చూపించినా పర్వాలేదు, సీటు ఖరారు చేసే ఆ ఒక్క రైట్ మాత్రం ఆగాలి. బ్రూవర్ స్వయంగా 2012లో రాసిన వ్యాసంలో "మూడింటిలో రెండు" అన్న మాట దారి తప్పిస్తుందని చెప్పారు. పార్టిషన్ లేనప్పుడు కన్సిస్టెన్సీనీ అవైలబిలిటీనీ వదులుకోవాల్సిన పని లేదని, ఎంపిక ఒక్కో ఆపరేషన్‌కి వేరుగా ఉండొచ్చని ఆయన వివరించారు.

ఇక రెండు నోడ్లే ఉండటంలోని ప్రత్యేక కష్టం. రెండు నోడ్లలో మెజారిటీ అంటే రెండు. ఒకటి పోయినా, లింక్ పోయినా మెజారిటీ ఉండదు, రైట్‌లు ఆగిపోతాయి. ఒక నోడ్‌తో ఉన్నప్పటికంటే ఇది ఇంకా బలహీనం, ఎందుకంటే ఇప్పుడు రెండింటిలో ఏది పోయినా ఆగుతుంది. అందుకని కొంతమంది "అవతలి నోడ్ పలకకపోతే నేనే ప్రైమరీ" అని స్క్రిప్టు రాస్తారు. లింక్ మాత్రమే తెగినప్పుడు ఇద్దరు ప్రైమరీలు తయారవుతారు. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, 14వ సీటు రెండుసార్లు అమ్ముడుపోయేది ఇలాగే. మూడో నోడ్ చేరిస్తే మూడింటిలో మెజారిటీ రెండు, కాబట్టి ఒకటి విడిపోయినా మిగతా రెండూ కొనసాగుతాయి. మెజారిటీ ఒప్పుకుంటేనే మార్పును ఖాయం చేసే రాఫ్ట్ ఆల్గారిథం ఆధారంగా నడిచే ఈటీసీడీలాంటి డేటాబేస్‌లను మూడు, ఐదు నోడ్లతో నడపమని చెప్పేది ఇందుకే. మూడో నోడ్ సిద్ధాంతాన్ని ఓడించలేదు. విడిపోయిన ఆ ఒక్క నోడ్ బతికే ఉన్నా కొత్త రైట్‌లు తీసుకోదు, సరైన రీడ్ కూడా ఇవ్వలేదు. సిద్ధాంతం లెక్కలో అది అవైలబిలిటీ లేకపోవడమే. కానీ ఆ నోడ్‌కి వచ్చే క్లయింట్లు మెజారిటీ వైపుకి వెళ్ళగలిగితే వాళ్ళకి పని జరుగుతుంది. రెండు నోడ్లకీ మూడు నోడ్లకీ ఆచరణలో ఉన్న తేడా ఇది.

మెజారిటీ ఒక్కటే ఉంటే చాలదని చూపించిన నిజమైన ఘటన ఒకటుంది. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో పాడవుతున్న ఆప్టికల్ పరికరం మార్చే పనిలో అమెరికా తూర్పు తీరంలోని నెట్‌వర్క్ హబ్‌కీ, వాళ్ళ ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య కనెక్షన్ పోయింది. 43 సెకన్లలో తిరిగి వచ్చింది. వాళ్ళ మైఎస్‌క్యూఎల్ ప్రైమరీలు ఎవరన్నది ఆర్కెస్ట్రేటర్ అనే సాధనం చూసుకుంటుంది, అది రాఫ్ట్‌తో నడుస్తుంది. తూర్పు డేటా సెంటర్ కనపడకపోయేసరికి మిగతా ఆర్కెస్ట్రేటర్ నోడ్లు మెజారిటీ కూడగట్టుకుని పశ్చిమ తీరంలోని డేటాబేస్‌లను ప్రైమరీలుగా చేసేశాయి. నాయకుడి ఎన్నిక పద్ధతి ప్రకారమే జరిగింది. కానీ డేటా మాత్రం రాఫ్ట్ గుండా వెళ్ళేది కాదు, తూర్పు నుంచి పశ్చిమానికి అసింక్రనస్‌గా, అంటే రసీదు కోసం ఆగకుండా, కాపీ అయ్యేది. కనెక్షన్ పోయే ముందు తూర్పులో పూర్తయిన కొన్ని రైట్‌లు పశ్చిమానికి చేరలేదు. తర్వాత పశ్చిమంలో కొత్త రైట్‌లు మొదలయ్యాయి. రెండు వైపులా అవతలి వైపు లేని డేటా తయారైంది. మన రమ్య, సలీం కథే, కాకపోతే మొత్తం క్లస్టర్ల స్థాయిలో.

వాళ్ళ రిపోర్టు ప్రకారం బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో ఆ వ్యవధిలో అలా మిగిలిన రైట్‌లు 954. అప్పటికి పశ్చిమంలో దాదాపు 40 నిమిషాల రైట్‌లు చేరిపోవడంతో వెంటనే వెనక్కి తిప్పితే అవి పోతాయి. అందుకని గిట్‌హబ్ సైటు పూర్తిగా పనిచేయడం కన్నా డేటా ముఖ్యమని తేల్చుకుని వెబ్‌హుక్‌లు, పేజెస్ బిల్డులు ఆపింది, బ్యాకప్‌ల నుంచి తూర్పు కాపీలను తిరిగి నిర్మించింది. సర్వీసు కుంటుపడిన సమయం 24 గంటల 11 నిమిషాలు. 43 సెకన్లు రైట్‌లు ఆగి ఉంటే ఎవరికీ పెద్దగా తెలిసేది కాదు. తర్వాత వాళ్ళు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి ఆటోమేటిక్‌గా ప్రైమరీ మారకుండా ఆర్కెస్ట్రేటర్ సెట్టింగులు మార్చారు. అంటే టైమౌట్ మోగినప్పుడు ముందుకెళ్ళే బదులు ఆగేలా చేశారు.

మరి డేటాని సింక్రనస్‌గానే ఎందుకు పంపలేదని మీరు అడగొచ్చు. ఖర్చు సమయంలో ఉంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి గీత గీసినట్టు కొలిస్తే 600 కిలోమీటర్ల పైనే, అంటే వెళ్ళి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా ఉండదు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. అమెరికా రెండు తీరాల మధ్య అయితే ఇది పదుల మిల్లీసెకన్లు. లింక్ బాగున్న ప్రతి రోజూ, ప్రతి బుకింగ్‌కీ ఈ ఆలస్యం కట్టాలి. డేనియల్ అబాడీ దీన్నే పీఏసీఈఎల్‌సీ అనే పేరుతో చెప్పారు: పార్టిషన్ ఉంటే అవైలబిలిటీకీ కన్సిస్టెన్సీకీ మధ్య ఎంపిక, లేకపోతే ఆలస్యానికీ కన్సిస్టెన్సీకీ మధ్య ఎంపిక. పార్టిషన్ ఏడాదికి ఎప్పుడో వస్తుంది, ఆలస్యం రోజూ ఉంటుంది. అందుకే డేటాబేస్‌లలో అసింక్రనస్ రెప్లికేషనే ఎక్కువగా డిఫాల్ట్‌గా వస్తుంది, ఆ ఎంపిక జరిగిందని కూడా చాలామందికి తెలియదు.

ఇప్పుడు మీ "సీఏ" ప్రశ్న. ఒకే మెషీన్ మీద నడిచే డేటాబేస్‌లో నోడ్ల మధ్య మెసేజీలే లేవు, పార్టిషన్ అనే మాటే రాదు. దాన్ని సీఏ అంటే అనొచ్చు, కానీ అక్కడ సిద్ధాంతానికి చెప్పడానికేమీ లేదు. రెండో కాపీ పెట్టిన క్షణం నుంచి మధ్యలో నెట్‌వర్క్ ఉంది, అది తెగుతుంది, తెగకూడదని మీరు ఎంచుకోలేరు. కాబట్టి పుస్తకంలో ఎక్కడైనా "మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ సీఏ" అని పట్టిక కనిపిస్తే, ఏ సెట్టింగులతో, ఎన్ని కాపీలతో అని అడగండి. పైన చేసిన ప్రయోగంలో అదే పోస్ట్‌గ్రెస్ కంట్రోల్-సి కొట్టక ముందు కన్సిస్టెన్సీ వైపు ఉంది. `synchronous_standby_names` ఖాళీగా వదిలేసి, స్టాండ్‌బై నుంచి రీడ్‌లు ఇస్తే లింక్ తెగినప్పుడు పాత విలువలు చూపిస్తుంది, పైగా స్టాండ్‌బై రైట్‌లు తీసుకోదు కాబట్టి సిద్ధాంతం అర్థంలో అవైలబుల్ కూడా కాదు. అంటే ఆ అమరికలో సీ లేదు, ఏ కూడా లేదు. ఇది అరుదైన సంగతి కాదు, మామూలుగా ఎక్కువచోట్ల నడుస్తున్న అమరిక ఇదే. సిద్ధాంతం రెండూ కలిసి రావని చెబుతుంది, ఒకటైనా తప్పకుండా దొరుకుతుందని చెప్పదు.

పరీక్షలో ఐదు మార్కులకి అడిగితే త్రిభుజం బొమ్మ బదులు ఆ రెండు లోకాలు పక్కపక్కన గీయండి: రెండు నిలువు గీతలు రెండు నోడ్లకి, మధ్యలో కొట్టేసిన మెసేజ్ బాణం, ఎడమ బొమ్మలో రమ్య రైట్ ఉంటుంది, కుడి బొమ్మలో ఉండదు. రెండు బొమ్మల్లోనూ ముంబై గీత ఒకేలా ఉందని చూపించి, దాని కింద సలీంకి వచ్చిన జవాబు రాయండి.